పాత శాలరీ ఖాతా మూసే ముందు ఈఎంఐ, సిప్, ప్రీమియంలను ఏ వరుసలో మార్చాలి?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. మార్చిలో కంపెనీ మారాను. జీతం ఇప్పుడు వేరే బ్యాంకులో పడుతోంది. పాత శాలరీ ఖాతాను మామూలు సేవింగ్స్ ఖాతా చేసేసి, రూ.10,000 మినిమమ్ బ్యాలెన్స్ ఉంచమంటున్నారు. మూసేద్దామంటే దాని నుంచే ప్రతి 5న కారు లోను ఈఎంఐ రూ.12,400, 10న రూ.5,000 చొప్పున రెండు సిప్‌లు, 28న ఎల్ఐసీ ప్రీమియం రూ.2,150, క్రెడిట్ కార్డు బిల్లు, ఒకటో తేదీన హనుమకొండలో ఉన్న అమ్మకు రూ.6,000 వెళ్తున్నాయి. మే నెలలో రూ.436 కూడా కట్ అయింది. బ్రాంచిలో అడిగితే ‘ఫారం ఇచ్చేయండి సార్, రెండ్రోజుల్లో క్లోజ్ చేస్తాం’ అన్నారు. జూలై నెలాఖరుకి మూసేసి, తర్వాత ఒక్కొక్కటీ కొత్త ఖాతాకి మార్చుకోవచ్చా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: వద్దండీ, ఆ ఫారం ఇప్పుడే ఇవ్వకండి. బ్రాంచివాళ్లు చెప్పింది అబద్ధం కాదు. వాళ్ల వైపు నుంచి ఖాతా రెండు రోజుల్లో మూతపడుతుంది. కానీ మూసేశామని మీ కారు లోను కంపెనీకి గానీ, మ్యూచువల్ ఫండ్‌కి గానీ, ఎల్ఐసీకి గానీ బ్యాంకు కబురు పంపదు. మీరు లోను తీసుకున్న రోజు ఇచ్చిన ఆటో డెబిట్ అనుమతిని, అంటే నాచ్ మాండేట్‌ని, నడిపేది వాళ్లే. ఆగస్టు 5న లోను కంపెనీ ఎప్పట్లాగే మీ పాత ఖాతా నంబరు మీద డబ్బు అడుగుతుంది. పాత బ్యాంకు ‘ఖాతా మూసేశారు’ అని రాసి తిప్పి పంపుతుంది. డబ్బు చాలక తిరిగి వచ్చినదానికన్నా ఈ కారణంతో తిరిగి వచ్చినదాన్ని అప్పిచ్చినవాళ్లు ఎక్కువ అనుమానంగా చూస్తారు. వసూలు విభాగం నుంచి ఫోన్లు మొదలయ్యేది అక్కడే.

అందుకని వరుస తిరగెయ్యాలి. ముందు కొత్త ఖాతా మీద మాండేట్ పెట్టండి. దాని నుంచి ఒక్కసారైనా డబ్బు కట్ అయిందని కళ్లారా చూడండి. ఆ తర్వాత పాత మాండేట్ రద్దు చేయండి. ఖాతా మూయడం అన్నిటికన్నా చివరి పని. మీరు చెప్పిన వాటన్నిటికీ కలిపి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. జూలైలో మొదలుపెడితే సెప్టెంబరు నెలాఖరుకి తేలుతుంది.

మొదటి పని స్టేట్‌మెంట్ తీయడం. మూడు నెలలది సరిపోదు, కనీసం 13 నెలలది తీయండి. నెలనెలా కట్ అయ్యేవి ఎలాగూ గుర్తుంటాయి. ఏడాదికోసారి కట్ అయ్యేవే మనల్ని ఇబ్బంది పెడతాయి. మీ రూ.436 అలాంటిదే. లాకరు అద్దె, హెల్త్ ఇన్సూరెన్స్ రెన్యువల్, డీమ్యాట్ ఖాతా వార్షిక ఛార్జీ కూడా ఇదే కోవలోకి వస్తాయి. పీడీఎఫ్ తెరిచి `ACH` అని ఒకసారి, `NACH` అని ఒకసారి, `SI` అని ఒకసారి, `MANDATE` అని ఒకసారి వెతకండి. ఒక్కో బ్యాంకు ఒక్కోలా రాస్తుంది గానీ సాధారణంగా ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ఆ వరుసలో ఉంటుంది. తర్వాత నెట్ బ్యాంకింగ్‌లో మాండేట్‌ల జాబితా, స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ల జాబితా విడివిడిగా చూడండి. ఇంకా కట్ కాని కొత్త మాండేట్లు స్టేట్‌మెంట్‌లో దొరకవు, జాబితాలోనే కనిపిస్తాయి. ఫోన్‌లో యూపీఐ యాప్‌లు ఎన్ని ఉంటే అన్నిటిలోనూ ఆటోపే విభాగం తెరిచి చూడటం కూడా మరవకండి.

ఈ వెతుకులాటలో ఒక తేడా గమనించండి. అమ్మకు వెళ్లే రూ.6,000 స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్. అది మీరు మీ బ్యాంకుకి ఇచ్చిన ఆదేశం కాబట్టి పెట్టడం, తీసేయడం రెండూ మీ చేతిలోనే ఉంటాయి. ఈఎంఐ, సిప్, ప్రీమియం అలా కాదు. అవతలివాళ్లు వచ్చి తీసుకోవడానికి మీరిచ్చిన అనుమతులవి. వాటిని మార్చాలంటే అవతలివాళ్ల దగ్గరకే వెళ్లాలి. పాత బ్యాంకు బ్రాంచిలో ఎంతసేపు కూర్చున్నా అవి కొత్త ఖాతాకి మారవు.

అమ్మ డబ్బు సంగతి తేలిక, ముందు అది ముగించండి. కొత్త బ్యాంకులో అమ్మ ఖాతాను చేర్చి, మొదట ఒక చిన్న మొత్తం పంపి చేరిందని ఫోన్‌లో అడిగి తెలుసుకోండి. తర్వాత ఆగస్టు 1 నుంచి నెలనెలా వెళ్లేలా పెట్టండి. అదే రోజు పాతది తీసేయండి. తీసేయకపోతే అమ్మకు రెండు రూ.6,000లు వెళ్తాయి. అది నష్టం కాదు గానీ, ఈఎంఐ కోసం పాత ఖాతాలో ఉంచిన డబ్బులోంచే పోతుంది. కొత్త దానికి ముగింపు తేదీ ఏం పెట్టారో చూసుకోండి. కొన్ని యాప్‌లు ఏడాది గడువు వాటంతటవే వేసేయొచ్చు. వచ్చే ఏడాది ఆగస్టులో డబ్బు రాలేదని అమ్మ చెప్పేదాకా మనకు తెలియదు.

ఇక కారు లోను. మీ జాబితాలో అన్నిటికన్నా జాగ్రత్తగా కదిలించాల్సింది ఇదే. లోను కంపెనీ యాప్‌లో గానీ బ్రాంచిలో గానీ ‘రీపేమెంట్ బ్యాంకు ఖాతా మార్చాలి’ అని అడగండి. కొందరు దీన్ని మాండేట్ స్వాప్ అంటారు. కొన్ని కంపెనీలు దీనికి ఛార్జీ తీసుకుంటాయి, ముందే అడగండి. రెండు దారులు ఉంటాయి. కొత్త బ్యాంకు నెట్ బ్యాంకింగ్, డెబిట్ కార్డు లేదా ఆధార్ ఓటీపీతో ఆన్‌లైన్‌లో చేసే ఈ-మాండేట్ ఒకటి. కాగితం మీద సంతకం పెట్టి, క్యాన్సిల్ చేసిన చెక్కు జతచేసి ఇచ్చేది రెండోది. ఆన్‌లైన్‌ది సాధారణంగా రోజుల్లో అయిపోతుంది, కాగితం వారాలు తీసుకుంటుంది. వీలైతే ఆన్‌లైన్‌లోనే చేయండి.

ఫారంలో మొత్తం రాసేచోట రూ.12,400 కన్నా ఎక్కువ కనిపిస్తే కంగారు పడకండి. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. కట్ అయ్యేది ఈఎంఐ మొత్తమే. కానీ ఆ పరిమితి ఈఎంఐకి ఎన్నో రెట్లు ఉంటే ఎందుకని అడగండి, తగ్గించమనండి.

మాండేట్ తిరస్కరణకు మన దగ్గర తరచూ కనిపించే కారణం పేరు. లోను కాగితాల్లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది. కొత్త బ్యాంకులో ఆధార్ ప్రకారం ఇంటిపేరు పూర్తిగా, అదీ ముందో వెనకో పడుతుంది. రెండూ సరిపోలక మాండేట్ వెనక్కి వస్తుంది. కొత్త ఖాతాలో పేరు ఎలా ఉందో చూసి, మాండేట్‌లో అచ్చంగా అలాగే రాయండి. లోను ఖాతాలో పేరు వేరుగా ఉంటే అది మీరేనని చూపే ఆధారం ఒకటి లోను కంపెనీకి ఇవ్వండి. రెండో కారణం సంతకం. వీడియో కేవైసీతో తెరిచిన ఖాతాల్లో సంతకం నమూనా ఒక తెల్లకాగితం ఫొటోగా ఉంటుంది. ఎప్పుడో తొందరలో పెట్టిన సంతకం అది. కాగితం మాండేట్ ఇచ్చేటట్లయితే ఒకసారి కొత్త బ్యాంకు బ్రాంచికి వెళ్లి సంతకం నమోదు సరిచేయించుకోండి. కొత్త ఖాతా జాయింట్‌గా ఉండి, ఇద్దరూ కలిసి సంతకం చేయాలన్న షరతు ఉంటే ఇద్దరి సంతకాలూ కావాలి. అలాంటి ఖాతాల్లో ఆన్‌లైన్ మాండేట్ కుదరకపోవచ్చు.

మాండేట్ నమోదైతే కొత్త బ్యాంకు నుంచి `UMRN` అనే 20 అక్షరాల నంబరుతో సందేశం వస్తుంది. నెట్ బ్యాంకింగ్‌లో `Active` అని కనిపిస్తుంది. అక్కడితో పని అయిపోయిందనుకోకండి. మాండేట్ బ్యాంకులో చురుగ్గా ఉండటం వేరు, లోను కంపెనీ తన రికార్డులో మీ ఈఎంఐని ఆ మాండేట్‌కి తగిలించడం వేరు. ఈ రెండో పని ఆలస్యమైతే కొత్త మాండేట్ ఊరికే పడి ఉంటుంది, ఈఎంఐ పాత ఖాతా మీదికే వెళ్తుంది. పైగా ప్రతి 5వ తేదీకి సంబంధించిన జాబితా కంపెనీలు కొన్ని రోజుల ముందే తయారుచేసుకుంటాయి. అందుకే ఈఎంఐ తేదీకి కనీసం 15, 20 రోజుల ముందు మాండేట్ పూర్తయి ఉండాలి. లోను యాప్‌లో రీపేమెంట్ ఖాతా చివరి నాలుగు అంకెలు కొత్తవి అయ్యాయా లేదా చూడండి. కాకపోతే ‘5 ఆగస్టు ఈఎంఐ ఏ ఖాతాకు పంపుతున్నారు?’ అని ఈమెయిల్‌లో అడగండి. జవాబు రాతలో ఉండాలి. ఫోన్‌లో చెప్పింది తర్వాత నిరూపించలేరు.

మీరు జూలై 10 ప్రాంతంలో మాండేట్ పెడితే ఆగస్టు 5 ఈఎంఐ ఏ ఖాతా నుంచి పోతుందో గట్టిగా చెప్పలేం. కాబట్టి ఆగస్టు 4 రాత్రికల్లా రెండు ఖాతాల్లోనూ డబ్బు ఉండాలి. నాచ్ కోతలు పొద్దున్నే మొదలవుతాయి. 5వ తేదీ పదకొండింటికి డబ్బు వేస్తే అప్పటికే బౌన్స్ అయి ఉండొచ్చు. 2021 ఆగస్టు నుంచి నాచ్ ఆదివారాలు, సెలవు రోజుల్లో కూడా పనిచేస్తోంది కాబట్టి ఆదివారం కదా, సోమవారం చూద్దాం అనుకోవడానికి లేదు.

పాత ఖాతాలో ఎంత ఉంచాలో లెక్క చూద్దాం. ఈఎంఐ 12,400, సిప్‌లు 10,000, ఎల్ఐసీ 2,150 కలిపి రూ.24,550. సరిగ్గా అంతే ఉంచితే ఒక చిక్కు ఉంది. మినిమమ్ బ్యాలెన్స్ తగ్గిందని పాత బ్యాంకు నెల మొదట్లో ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ కోసేస్తుంది. రూ.500 ఛార్జీ అయితే రూ.590 పోతుంది. చివరికి ప్రీమియానికి ఆ రూ.590 తక్కువై అది బౌన్స్ అవుతుంది. బౌన్స్ అయితే బ్యాంకు మరో ఛార్జీ వేస్తుంది. కాబట్టి మినిమమ్ బ్యాలెన్స్ రూ.10,000 పక్కన పెట్టి, దాని పైన ఈ రూ.24,550 ఉండేలా చూసుకోండి. ఈ రెండు నెలలూ నెల మొదట్లో అక్కడ మొత్తం దాదాపు రూ.35,000 ఉంటే ఏ ఛార్జీ భయమూ ఉండదు.

ఈ జాగ్రత్త లేకపోతే ఎంత పోతుందో కూడా చూడండి. పాత ఖాతా తెరిచే ఉండి డబ్బు లేదనుకోండి. పాత బ్యాంకు రూ.500, జీఎస్టీతో 590 వేసిందనుకుందాం. లోను కంపెనీ బౌన్స్ ఛార్జీ మరో 500 అనుకుందాం. ఒక్క బౌన్స్‌కి రూ.1,090. కంపెనీ రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ పంపితే, అదీ తిరిగొస్తే, రూ.2,180. ఇక ఈఎంఐ ఎన్ని రోజులు ఆలస్యమైందో ఆ లెక్క క్రెడిట్ బ్యూరోలకు వెళ్తుంది. ఛార్జీ డబ్బు అడిగితే ఒక్కోసారి వెనక్కి ఇస్తారు. బ్యూరో రికార్డు సరిచేయించడానికి చాలా తిరగాలి.

ఒకవేళ బౌన్స్ అయిందని తెలిస్తే అదే రోజు లోను కంపెనీ యాప్‌లో ఈఎంఐ కట్టేయండి. కట్టిన వెంటనే ‘మళ్లీ ప్రెజెంట్ చేయకండి’ అని రసీదు జతచేసి ఈమెయిల్ పెట్టండి. లేకపోతే రెండోసారి కూడా కట్ కావచ్చు. రెండు మాండేట్లూ నడుస్తున్న నెలలో ఇలా రెండుసార్లు పోవడం అరుదేమీ కాదు. అలా పోయిన రెండోదాన్ని అసలులో జమచేయమనాలా, తిరిగి ఇమ్మనాలా అన్నది మీరే రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకపోతే వచ్చే నెలకు అడ్వాన్సుగా ఉంచేస్తారు.

కారు లోను గురించి ఇంకొక్కటి ఉంది, దీన్ని చాలామంది మరిచిపోతారు. లోను తీసుకునేటప్పుడు మీ చేత సంతకం పెట్టించి రెండో మూడో చెక్కులు తీసుకునే ఉంటారు. అవి ఈ పాత ఖాతావే. మాండేట్ మార్చినా ఆ చెక్కులు కంపెనీ ఫైల్లోనే ఉంటాయి. ఖాతా మూసేశాక ఎప్పుడైనా బకాయి పేరుతో వాటిని బ్యాంకులో వేస్తే ‘ఖాతా మూసివేత’ అని తిరిగి వస్తాయి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద చెక్ బౌన్స్ కేసు డబ్బు చాలనప్పుడే కాదు, ఖాతా మూసేసినప్పుడు కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. ఖాతా మూసేశాం కాబట్టి ఆ చెక్కులు చెల్లవులే అనుకోవడం తప్పు. కొత్త ఖాతా చెక్కులు ఇస్తూ, పాతవి నంబర్లతో సహా వెనక్కి ఇమ్మని ఉత్తరం రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. చెక్కుబుక్కులో మిగిలిన కౌంటర్‌ఫాయిళ్లు చూస్తే ఏ నంబర్లు ఇచ్చారో తెలుస్తుంది. చెక్కులు చేతికొచ్చేదాకా ఖాతా మూయకండి.

సిప్‌లలో నష్టం తక్కువ, పని కాస్త ఎక్కువ. ఇక్కడ రెండు వేరువేరు విషయాలను చాలామంది ఒకటే అనుకుంటారు. సిప్ డబ్బు ఏ ఖాతా నుంచి పోవాలన్నది మాండేట్. యూనిట్లు అమ్మితే డబ్బు ఏ ఖాతాలో పడాలన్నది ఫోలియోలో, అంటే ఫండ్ సంస్థ దగ్గరున్న మీ ఖాతాలో, నమోదైన బ్యాంకు. మాండేట్ మార్చినంత మాత్రాన ఫోలియోలో బ్యాంకు మారదు. మూసేసిన ఖాతా ఫోలియోలో అలాగే ఉండిపోతే, రేపు అవసరానికి యూనిట్లు అమ్మినప్పుడు డబ్బు అక్కడికి వెళ్లి తిరిగి వస్తుంది, ఆసుపత్రి ఖర్చు లాంటి తొందర ఉన్నప్పుడే ఈ విషయం బయటపడుతుంది.

ఫోలియోలో బ్యాంకు మార్చడానికి కొత్త ఖాతా ఆధారంతో పాటు పాత ఖాతా ఆధారం కూడా చాలా ఫండ్ సంస్థలు అడుగుతాయి. మోసగాళ్లు ఖాతా మార్చేసి డబ్బు కాజేయకుండా పెట్టుకున్న కాపలా అది. పాత ఖాతా బతికుండగా అయితే చెక్కు, స్టేట్‌మెంట్ ఇవ్వడం నిమిషం పని. మూసేశాక అదే పనికి బ్యాంకు చుట్టూ తిరగాలి. కాబట్టి ఫోలియో మార్పు జూలైలోనే పెట్టేయండి. మార్పు జరిగాక కొన్ని రోజులు అమ్మకం డబ్బు ఆపి ఉంచుతారు, ఆ రోజుల్లో అమ్మే పని పెట్టుకోకండి. డీమ్యాట్ ఖాతా ఉంటే డివిడెండ్లు పడే బ్యాంకును కూడా బ్రోకర్ దగ్గర మార్చాలి.

మాండేట్ మారేలోపు ఒక సిప్ తప్పిపోయినా ఫండ్ సంస్థ జరిమానా వేయదు, యూనిట్లు రావంతే. పాత బ్యాంకు మాత్రం బౌన్స్ ఛార్జీ వేస్తుంది, రెండు సిప్‌లకు రెండు. నెలవారీ సిప్ వరసగా మూడుసార్లు తప్పితే రద్దయిపోతుంది.

ఎల్ఐసీ నెలవారీ ప్రీమియానికి గడువు దాటాక ఉండే వెసులుబాటు 15 రోజులే. మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది పద్ధతుల్లో ఉన్నట్టు 30 రోజులు ఉండదు. కాబట్టి దీన్ని ఈఎంఐ తర్వాత రెండో స్థానంలో పెట్టుకోండి. మీ పాలసీ ఉన్న బ్రాంచిలో కొత్త నాచ్ ఫారం, క్యాన్సిల్ చేసిన చెక్కు ఇచ్చి, పాలసీ నంబర్లన్నీ ఒకే ఫారంలో రాయండి. ఒక పాలసీ నంబరు మరిచిపోతే అదొక్కటే పాత ఖాతాలో ఉండిపోతుంది. మెచ్యూరిటీ డబ్బు పడాల్సిన ఖాతా వేరుగా నమోదై ఉంటుంది, అదీ అదే రోజు మార్పించండి. ఏ నెలైనా 28న కట్ కాలేదని తెలిస్తే తర్వాతి నెల పదో తేదీలోపు కౌంటర్‌లో కట్టేయండి.

క్రెడిట్ కార్డుకు మాత్రం పైన చెప్పిన వరుస అక్కర్లేదు. ఆటోపే తీసేసి, ఒకటి రెండు నెలలు బిల్లు మీరే కట్టండి. బిల్లు తేదీ, కట్టాల్సిన తేదీ మధ్య చాలా రోజులుంటాయి కాబట్టి ఇందులో ప్రమాదం తక్కువ. కొత్త ఖాతాతో ఆటోపే పెట్టేటప్పుడు మొత్తం బిల్లు అని ఎంచుకోండి. కనీస మొత్తం అని ఉంటే మిగతాదానికి వడ్డీ నడుస్తుంది. కార్డు కూడా పాత బ్యాంకుదే అయితే ఖాతా మూసినా కార్డు బతికే ఉంటుంది, బిల్లు వస్తూనే ఉంటుంది. ఆటోపే ఒక్కటే ఆగిపోతుంది.

ఇప్పుడు రూ.436 గురించి. మీరు దాన్ని చివర్లో రాశారు గానీ, మీ విషయంలో ఖాతా మూయాలా వద్దా అన్నది దీన్ని బట్టే తేల్చుకోవాలి. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా యోజన ప్రీమియం. ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి రూ.2 లక్షలు వచ్చే బీమా. ఏడాది జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది, ప్రీమియం మే చివరి వారంలో కట్ అవుతుంది. ఈ బీమా ఆ ఖాతాకు కట్టి ఉంటుంది. ఖాతా మూసేస్తే బీమా అక్కడితో ఆగుతుంది. కొత్త బ్యాంకులో చేరొచ్చు కదా అంటే, చేరడానికి వయసు 18 నుంచి 50 వరకే. 50 లోపు చేరినవాళ్లు ప్రీమియం కడుతూ 55 వరకు కొనసాగొచ్చు. మీకు 52. ఒకసారి బయటికొస్తే మళ్లీ చేరే వీల్లేదు. 50 లోపు ఉన్నవాళ్లు చేరగలరు గానీ, వాళ్లకూ చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదంలో తప్ప వేరే కారణంతో మరణిస్తే డబ్బు రాదు.

మీకు ఇంకా మూడేళ్లు ఈ కవరు దొరుకుతుంది. 52 ఏళ్ల వయసులో ఏడాదికి రూ.436కి రూ.2 లక్షల బీమా బయట దొరకదు. కాబట్టి మా సలహా: ఈ ఖాతాను మూయకండి, బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని బ్రాంచిలో రాసివ్వండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఆ రకం ఖాతాకు మినిమమ్ బ్యాలెన్స్ ఉండదు. షరతులు రెండు. ఆ బ్యాంకులో మీకు వేరే సేవింగ్స్ ఖాతా ఉండకూడదు, మరే బ్యాంకులోనూ మీకు బేసిక్ ఖాతా ఉండకూడదు. మార్చాక ఖాతా నంబరు అదే ఉంటుందా, రూ.436 మాండేట్ అలాగే కొనసాగుతుందా అన్న రెండు ప్రశ్నలకూ రాతలో జవాబు తీసుకున్నాకే సంతకం పెట్టండి. నంబరు మారుతుందంటే ఆగండి. అప్పుడు మినిమమ్ బ్యాలెన్స్ రూ.10,000 మూడేళ్లు అక్కడే ఉంచేయడం కూడా ఆలోచించదగ్గదే. ఆ డబ్బు ఎక్కడికీ పోదు, సేవింగ్స్ వడ్డీ వస్తూనే ఉంటుంది.

మీకు ఇప్పటికే పెద్ద టర్మ్ పాలసీ ఉండి ఈ రూ.2 లక్షలు లెక్కలోకి రావనుకుంటే సరే, మూసేయండి. నిర్ణయం ఏదైనా ఈఎంఐ, సిప్, ఎల్ఐసీ మార్పులు పైన చెప్పినట్టే జరగాలి, ఎందుకంటే జీతం రాని ఖాతాలో నెలనెలా గుర్తుపెట్టుకుని డబ్బు వేయడం ఎప్పుడో ఒకనెల తప్పుతుంది. ఇంట్లో ఎవరికైనా ఇదే బ్యాంకు ద్వారా అటల్ పెన్షన్ ఉంటే దాన్ని మాత్రం రద్దు చేయించకండి, కొత్త బ్యాంకుకి బదిలీ చేయించండి. 2022 అక్టోబరు నుంచి ఆదాయపన్ను కట్టేవాళ్లు కొత్తగా అందులో చేరలేరు.

బయటికి వెళ్లే డబ్బుతో పాటు లోపలికి వచ్చేది కూడా చూసుకోవాలి. గ్యాస్ సబ్సిడీ లాంటి ప్రభుత్వ డబ్బు ఖాతా నంబరును చూడదు, ఆధార్ చివరగా ఏ బ్యాంకుకి అనుసంధానమైందో అక్కడికి వెళ్తుంది. కొత్త బ్యాంకులో ఆధార్ సీడింగ్‌కి ఒప్పుకుంటూ ఫారం ఇచ్చి, ఆధార్ వెబ్‌సైటులో బ్యాంకు సీడింగ్ స్థితి చూస్తే ఏ బ్యాంకు పేరు ఉందో తెలుస్తుంది. పీఎఫ్ పోర్టల్‌లో, ఆదాయపన్ను పోర్టల్‌లో కొత్త ఖాతాను చేర్చి ధ్రువీకరించండి. రిటర్ను వేసి రీఫండ్ కోసం ఎదురుచూస్తున్నట్లయితే అది పాత ఖాతాలో పడేదాకా ఆగండి. యూపీఐ ఆటోపేలు, కార్డు మీద నడిచే ఓటీటీలు తప్పినా ఆ సేవ ఆగిపోతుందంతే. కాకపోతే యూపీఐ ఆటోపే రద్దుకు పాత ఖాతా యూపీఐ పిన్ అడుగుతుంది కాబట్టి ఖాతా ఉండగానే రద్దు చేయండి.

ఇలా చేస్తే మీ సెప్టెంబరు ఎలా ఉండాలంటే: 5న ఈఎంఐ కొత్త ఖాతా నుంచి పోవాలి, 10న రెండు సిప్‌లు కూడా. ఎల్ఐసీ ఆగస్టు 28నే కొత్త దాని నుంచి పోయి ఉంటే మంచిది, లేదంటే సెప్టెంబరు 28 దాకా ఆగండి. ఒక్కొక్కటీ కట్ అయినట్టు కొత్త స్టేట్‌మెంట్‌లో చూశాకే దాని పాత మాండేట్‌ను పాత బ్యాంకు నెట్ బ్యాంకింగ్‌లో రద్దు చేయండి. లోను కంపెనీకి కూడా పాత `UMRN` నంబరు రాసి, దాన్ని వాడొద్దని చెప్పండి.

మూసేయాలనే నిర్ణయించుకుంటే అందుకు నెలాఖరు, నెల మొదటి వారం కాకుండా మధ్యలో ఒక రోజు చూసుకోండి. ముందురోజు ఎన్నేళ్ల స్టేట్‌మెంట్లు దొరికితే అన్నీ, వడ్డీ సర్టిఫికెట్లూ దించుకోండి. ఖాతా పోయిన గంట నుంచి లాగిన్ పనిచేయదు. ఖాతాకు తగిలించిన ఎఫ్‌డీలు, లాకరు ఉంటే వాటికి కొత్త ఖాతా చూపించాలి, లేకపోతే ఫారం వెనక్కి ఇస్తారు. బ్యాలెన్స్ మీద హోల్డ్ ఏదైనా ఉందా అని అడగండి. మిగిలిన చెక్కులు, డెబిట్ కార్డు, పాస్‌బుక్ ఇచ్చేసి, మిగిలిన డబ్బు, ఆరోజు వరకు వడ్డీ కొత్త ఖాతాకు పంపమని ఫారంలోనే రాయండి. మూసినట్టు తేదీ ఉన్న ఉత్తరం అడిగి తీసుకోండి.

ఆ తర్వాత కూడా లోను కంపెనీ పొరపాటున పాత ఖాతాకే పంపి మీమీద బౌన్స్ ఛార్జీ వేస్తే, కొత్త మాండేట్ చురుగ్గా ఉన్న తేదీ, ఆ నెల కొత్త ఖాతాలో డబ్బు ఉన్నట్టు స్టేట్‌మెంట్, మీకొచ్చిన ఈమెయిల్ జవాబు జతచేసి ఛార్జీ వెనక్కి ఇవ్వమని, బ్యూరోకి ఆలస్యం అని పంపి ఉంటే సరిచేయమని రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది న్యాయంగా లేకపోయినా `cms.rbi.org.in` లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. దానికి ఫీజు లేదు.